“పని చేయడం లేదు” అని మూడే మాటలు వస్తే అసలు సమస్యను ఎలా పట్టుకోవాలి?

గవర్నర్‌పేట డెస్కు (సోమవారం, రాత్రి 9:20)

అందరికీ నమస్కారం. విజయవాడలో దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే ఒక చిన్న సంస్థలో ఫిర్యాదులు చూసే పని నాది. గుంటూరు పట్నం బజారులోని ఒక టోకు కిరాణా దుకాణం నుంచి ఎనిమిది రోజుల్లో మూడుసార్లు ఒకే వాక్యం వచ్చింది: “పని చేయడం లేదు సార్.” అంతకు మించి ఒక్క అక్షరం లేదు.

మొదటిసారి, అంటే పోయిన సోమవారం, నేనే రిమోట్‌లో వారి కంప్యూటర్‌లోకి వెళ్లి చూశాను. సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది, నా కళ్ల ముందే ఒక బిల్లు సేవ్ అయింది, అందుకని బాగానే పని చేస్తోందని రాసి ఫిర్యాదును మూసేశాను. శుక్రవారం మళ్లీ వచ్చినప్పుడు మా సహోద్యోగి కంప్యూటర్‌ను ఒకసారి ఆపి మళ్లీ వేయమన్నారు, సరిపోయిందని యజమాని చెప్పారు. ఈ సాయంత్రం మూడోసారి వచ్చింది. ఫోన్ చేస్తే ఆయన కోపంగా ఉన్నారు. ఏమైనా మార్చారా అని అడిగితే ఏమీ మార్చలేదని గట్టిగా చెప్పి, గిరాకీలు నిలబడి ఉన్నారంటూ పెట్టేశారు.

ఆయన అబద్ధం చెబుతున్నారని నేను అనుకోవడం లేదు. ఆ మూడు మాటల వెనుక ఉన్నదాన్ని నేను చదవలేకపోతున్నానన్నదే నా బాధ. ఇలాంటి ఫిర్యాదు వచ్చినప్పుడు మీరు ఎక్కడ మొదలుపెడతారు?

పటమట ప్రోగ్రామర్ (రాత్రి 9:41)

ఇది వాడకందారు తప్పు కాదు, మీ ఫిర్యాదు పత్రం తప్పు. ఏ తెర మీద ఆగింది, ఏ సందేశం కనిపించింది, ఎప్పటి నుంచి ఇలా ఉంది అన్న మూడు గళ్లను నింపితేనే ఫిర్యాదు పంపగలిగేలా పెట్టండి. ఖాళీగా పంపే అవకాశం ఇచ్చినంత కాలం మీకు మూడు మాటలే వస్తాయి.

గవర్నర్‌పేట డెస్కు (రాత్రి 9:50)

అది చేసి చూశామండీ. పదకొండు రకాల సమస్యల జాబితా ఇచ్చి, అందులో ఒకటి ఎంచుకుంటేనే ముందుకు కదిలేలా పెట్టాం. వచ్చిన ఫిర్యాదుల్లో చాలా భాగం జాబితాలో మొదట ఉన్న “సాఫ్ట్‌వేర్ సమస్య” కిందే చేరాయి. రాయమని పెట్టిన గడిలో చుక్కలు పెట్టి పంపినవారూ ఉన్నారు. చివరికి తీసేశాం.

బ్రాడీపేట 4వ లైను (రాత్రి 10:05)

ఇదే బాధ నాకూ ఉంది. మా ఇంట్లో నెట్ రాత్రి తొమ్మిది దాటితే ఆగిపోతుంది, పెట్టె మీద ఎర్ర దీపం వెలుగుతుంది. ఎవరికి చెప్పినా తీరడం లేదు. దీనికి పరిష్కారం ఏమిటో ఇక్కడ ఎవరైనా చెప్పగలరా?

కొత్తపేట సర్వీసు (రాత్రి 10:30)

బ్రాడీపేట అమ్మగారూ, ఇక్కడి చర్చ ఫిర్యాదులు తీసుకునేవారి గురించి, అయినా మీ ప్రశ్నకు ఒక్క మాట చెబుతాను. ఆ ఎర్ర దీపం దగ్గర LOS అని రాసి ఉంటే ఫైబర్ తీగలో వెలుతురు మీ పెట్టె దాకా రావడం లేదని అర్థం. అప్పుడు పెట్టెను ఎన్నిసార్లు ఆపి వేసినా ఫలితం ఉండదు, మనిషి వచ్చి తీగను చూడవలసిందే. ఫిర్యాదులో “LOS దీపం ఎర్రగా ఉంది” అన్న మాటను మొదట రాయండి.

గవర్నర్‌పేట గారూ, గుంటూరులో దుకాణాల యంత్రాలు చూస్తూ నాకు పదహారేళ్లు నిండాయి. తెలుగులో “పని చేయడం లేదు” అన్న వాక్యానికి కర్త ఉండనక్కర్లేదు, అసలు చిక్కంతా అక్కడే ఉంది. మీరు సాఫ్ట్‌వేర్ సంస్థ కనుక పని చేయనిది సాఫ్ట్‌వేర్ అని ఆ ఖాళీని మీరు పూరించుకున్నారు. ఆయన సాఫ్ట్‌వేర్‌ను ఎప్పుడూ విడిగా చూసి ఉండరు. ఆయనకు కంప్యూటరూ ప్రింటరూ త్రాసూ కలిపి ఒక్కటే వస్తువు, దాని పేరు “బిల్లు మిషను”. గిరాకీ చేతికి కాగితం అందితే అది పని చేసినట్టు, అందకపోతే చేయనట్టు. మొదటి రోజు మీరు బిల్లు సేవ్ అయిందని చూశారు. కాగితం బయటికి వచ్చిందో లేదో అడిగారా?

కనుక నేను అలాంటివారిని “ఏది పని చేయడం లేదు” అని అడగను. “ఇప్పుడు ఒక బిల్లు కొట్టండి, మీకు ఏం కనిపిస్తే అది చెబుతూ ఉండండి” అంటాను. అప్పుడు ఆయన వాడే క్రియను జాగ్రత్తగా వినాలి. “రావట్లేదు” అంటే కాగితం సంగతి. “ఎక్కట్లేదు” అంటే సరుకు పేరో ధరో నమోదు కావడం లేదని. “తిరుగుతూనే ఉంది” అంటే తెర మీద సున్నా తిరుగుతోందని. “పట్టుకోవట్లేదు” అన్నారంటే సాధారణంగా బార్‌కోడ్ స్కానరో నెట్టో. “పని చేయట్లేదు” అని రాసిన మనిషే నోటితో చెప్పేటప్పుడు ఈ మాటల్లో ఏదో ఒకటి తప్పకుండా వాడతారు.

మరొకటి. ఆ మూడు ఫిర్యాదులు ఏ వేళకు వచ్చాయో, ఆ దుకాణం నుంచి ఈ మధ్యలో ఇంకేమైనా ఫిర్యాదులు వచ్చాయో చూసి చెప్పండి. ఒక సమస్యను ముగ్గురు ఉద్యోగులు మూడు సమస్యలుగా రాసుకోవడం నేను చాలా చోట్ల చూశాను.

బ్రాడీపేట 4వ లైను (రాత్రి 10:48)

కృతజ్ఞతలండీ, LOS అనే రాసి ఉంది. మీ అందరికీ పనికొస్తుందనిపించి ఒక సంగతి చెబుతున్నాను. మొదటిసారి ఆ దీపం సంగతి, అది వెలిగే వేళ, ఆ సమయంలో టీవీ కూడా ఆగిపోవడం, అంతా ఫోనులో తెలుగు టైపు చేసుకుంటూ ఇరవై నిమిషాలు కూర్చుని రాశాను. “రూటర్‌ను ఆపి మళ్లీ వేయండి” అని ఒకే వాక్యం జవాబుగా వచ్చింది. రెండోసారీ అంతే రాశాను, జవాబూ అదే వచ్చింది. మూడోసారి “నెట్ పని చేయడం లేదు” అని మాత్రం రాశాను. మేము క్లుప్తంగా రాయడానికి బద్ధకం ఒక్కటే కారణం కాదు.

లబ్బీపేట (రాత్రి 11:10)

సర్వీసు గారు చెప్పినట్టు ఇది ప్రింటర్ సంగతే అయితే కారణం నాకు తెలుసు. విండోస్ 10లో `Let Windows manage my default printer` అని ఒక ఎంపిక ఉంటుంది. అది పెట్టి ఉంటే చివరగా వాడిన ప్రింటరే డిఫాల్ట్ అయి కూర్చుంటుంది. ఎవరో ఒకసారి పీడీఎఫ్ తీసి ఉంటారు, అప్పటి నుంచి బిల్లులు అటు పోతున్నాయి. ఆ ఎంపికను తీసేయండి, సమస్య తీరిపోతుంది.

గవర్నర్‌పేట డెస్కు (మంగళవారం, మధ్యాహ్నం 1:15)

పాత ఫిర్యాదులన్నీ తిరగేశాను. మూడూ సాయంత్రం ఏడు దాటాకే వచ్చాయి, అంతకు ముందు వచ్చినది ఒక్కటీ లేదు. వారాలు సోమ, శుక్ర, సోమ.

ఇంకొకటి దొరికింది. పోయిన మంగళవారం ఉదయం తొమ్మిదిన్నరకు అదే దుకాణం నుంచి “పాత బిల్లులు వస్తున్నాయి” అని ఒక ఫిర్యాదు ఉంది. ఫోన్ తీసినది మాలో మరొకరు. బిల్లు నంబర్లు మళ్లీ మళ్లీ పడుతున్నాయని అర్థం చేసుకుని ప్రోగ్రామర్లకు పంపారు. వాళ్లు రెండు రోజులు వెతికి, నంబర్లలో తప్పేమీ లేదని తిప్పి పంపారు. దానికీ దీనికీ సంబంధం ఉందని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు.

కొత్తపేట సర్వీసు (మధ్యాహ్నం 1:40)

అదే అసలైన ఫిర్యాదు. సాయంత్రం కొట్టిన బిల్లులు ఉదయం బయటికి వచ్చాయంటే అవి రాత్రంతా ఎక్కడో వరుసలో ఆగి ఉన్నాయని అర్థం. బిల్లు తప్పు ప్రింటరుకు పోయి ఉంటే మర్నాడు తిరిగి రాదు. లబ్బీపేట గారు చెప్పిన కారణం నిజంగా ఉన్నదే, నేనూ చాలాసార్లు చూశాను. కానీ అలా అయితే బిల్లు కొట్టగానే పీడీఎఫ్‌ను ఎక్కడ దాచాలో అడుగుతూ ఒక కిటికీ తెరుచుకునేది, యజమాని దాని గురించి మాట్లాడేవారు. ఇక్కడ కిటికీ లేదు, ఏ సందేశమూ లేదు, కాగితమూ లేదు.

ఈ సాయంత్రం బాగానే ఉండవచ్చు. అయినా రిమోట్‌లోకి వెళ్లి `Printers & scanners` తెరిచి, అక్కడ ఆ ప్రింటర్ పేరు ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టండి. ఒకటికి మించి ఉంటే ఒక్కొక్కదాని `Ports` పట్టీలో ఏది టిక్ అయి ఉందో రాసుకోండి. ఆ తర్వాత యజమానితో కాకుండా, ఉదయం దుకాణం తెరిచే మనిషితో మాట్లాడండి. “ఏమైనా మార్చారా” అని మాత్రం అడగవద్దు. ఆ మాట వినగానే ఎవరైనా తప్పు తమ మీదికి వస్తోందనుకుంటారు. “పొద్దున తాళం తీసిన దగ్గర నుంచి మొదటి బిల్లు దాకా ఏమేం చేస్తావు, వరుసగా చెప్పు” అని అడగండి.

పాత టెస్ట్ డెస్కు (సాయంత్రం 4:05)

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో లైన్లు పరీక్షించే డెస్కులో పని చేసి రిటైరైనవాణ్ని. ఫిర్యాదుల నంబరు 198కి ఫోన్ చేసి జనం చెప్పిన మాట ఒక్కటే: “ఫోన్ డెడ్.” మేము ఆ మాటతో లైన్‌మన్‌ను వెంటనే పంపేవాళ్లం కాదు, ముందు ఎక్స్ఛేంజీ నుంచి ఆ లైనును పరీక్షించేవాళ్లం. లూపు కనిపిస్తే, చాలాసార్లు ఆ ఇంట్లో రిసీవర్ సరిగ్గా పెట్టలేదని అర్థం, దానికి మనిషి వెళ్లనక్కర్లేదు. ఓపెన్ కనిపిస్తే ఎక్కడో తీగ తెగినట్టు, లైన్‌మన్ వెళ్లాలి. వానాకాలంలో ఇన్సులేషన్ పడిపోయి ఎర్త్ చూపిస్తే భూమిలో కేబులు తడిసినట్టు, దానికి జాయింటర్లు గుంత తవ్వాలి. చెప్పిన మాట ఒక్కటే అయినా వెళ్లవలసిన మనుషులు వేరు. మనం మాటను ఎంతసేపు చదివినా ఇందులో ఏదీ బయటపడదు, కొలత తీయాలి. క్రియను బట్టి పట్టుకోవచ్చని సర్వీసు గారు చెప్పినది బాగుంది కానీ, దాని మీద మరీ ఎక్కువ ఆధారపడవద్దని నా మనవి. రాయలసీమ వారికీ శ్రీకాకుళం వారికీ ఆ క్రియలు వేరు.

కొత్తపేట సర్వీసు (సాయంత్రం 4:30)

మీరు చెప్పినది ఒప్పుకుంటున్నానండీ. క్రియ మనం ఏ వైపు కొలవాలో చెబుతుంది, అంతకన్నా దాని చేత చెప్పించకూడదు.

గవర్నర్‌పేట డెస్కు (బుధవారం, ఉదయం 11:00)

దొరికింది. వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇందులో ప్రతి మెట్టునూ మేమే దాటిపోయాం.

ఆ కంప్యూటర్‌లో ప్రింటర్ రెండుసార్లు ఉంది.

```
POS-80            USB001   Offline   6
POS-80 (Copy 1)   USB002   Ready     0
```

చివర ఉన్న అంకె వరుసలో ఆగి ఉన్న బిల్లులది. నిన్న సాయంత్రం నేను చూసే సమయానికి అలా ఉంది. మా సాఫ్ట్‌వేర్ మొదటి పేరుకే పంపుతుంది, ఎందుకంటే పెట్టిన రోజున మేమే ఆ పేరును ఎంచాం. బిల్లును విండోస్‌కు అప్పగించగానే పని అయిపోయిందనుకుంటుంది కనుక తెర మీద ఏ తప్పూ చూపించదు.

ఉదయం దుకాణం తెరిచే అబ్బాయితో మాట్లాడాను. మా సంభాషణ ఇలా సాగింది.

“తాళం తీశాక ముందేం చేస్తావు బాబూ?”

“ఊడ్చి, దేవుడి పటానికి అగరొత్తులు వెలిగించి, కంప్యూటర్ వేస్తాను సార్.”

“వేశాక?”

“ప్రింటర్ వైరు పక్క బొక్కలో ఉంటే తీసి దాని బొక్కలో పెడతాను.”

“పక్క బొక్కలోకి ఎలా వెళ్తుంది?”

“లెక్కలు రాసే సార్ పెన్ డ్రైవ్ పెట్టడానికి తీస్తారు సార్. సోమవారం, శుక్రవారం వస్తారుగా. ఈ వారం సోమవారం పని పూర్తి కాక నిన్న కూడా వచ్చారు.”

మొత్తం ఇదే. గుమస్తా గారు సాయంత్రం ఆరున్నరకు వచ్చి, ముందువైపు చేతికందే యూఎస్‌బీ బొక్కలోంచి ప్రింటర్ కేబులు తీసి అక్కడ పెన్ డ్రైవ్ పెట్టుకుంటారు, కేబులును పక్కదానిలో గుచ్చుతారు. విండోస్ దాన్ని కొత్త ప్రింటర్ అనుకుని రెండో పేరు పుట్టించింది. ఆయన వెళ్లాక కొట్టిన బిల్లులన్నీ లేని ప్రింటర్ కోసం వరుసలో నిలబడతాయి. మర్నాడు అబ్బాయి కేబులును మామూలు చోటికి మార్చగానే నిన్నటి బిల్లులు ధారగా బయటికి వస్తాయి. శుక్రవారం “ఆపి మళ్లీ వేయండి” అన్నప్పుడు అబ్బాయి వైర్లన్నీ పీకి మళ్లీ పెట్టాడట. అదృష్టవశాత్తు సరైన చోట పడింది, మేము అది మా సలహా గొప్పదనం అనుకున్నాం.

యజమాని ఏమీ మార్చలేదని చెప్పినది అక్షరాలా నిజం. ఆయన కౌంటరు వెనుక నుంచి లేవరు. ఒక సందేహం మాత్రం మిగిలింది: ఇదే కంప్యూటర్‌లో కీబోర్డును ఏ బొక్కలో పెట్టినా పని చేస్తుంది కదా, ప్రింటర్‌కే ఈ చిక్కు ఎందుకు?

కొత్తపేట సర్వీసు (ఉదయం 11:35)

కొత్త బొక్కలో పెట్టినప్పుడు కీబోర్డూ సాధారణంగా కొత్తదిగానే నమోదవుతుంది. కానీ మీరు ఫలానా కీబోర్డు నుంచే అక్షరాలు తీసుకోమని ఎవరికీ చెప్పలేదు కనుక తేడా తెలియదు. ప్రింటర్‌ను మాత్రం పేరు పెట్టి ఎంచారు. తనకంటూ ఒక సీరియల్ నంబరు చెప్పుకునే ప్రింటర్ అయితే ఏ బొక్కలో పెట్టినా విండోస్ పాతదేనని గుర్తుపడుతుంది. చవక థర్మల్ ప్రింటర్లలో చాలా వాటికి ఆ నంబరు ఉండదు, అందుకని విండోస్ దాన్ని పెట్టిన చోటును బట్టే గుర్తుపెట్టుకుంటుంది.

కేబులును వెనుకవైపు బొక్కకు మార్చి, అక్కడ టేపు వేసి, సాఫ్ట్‌వేర్‌లో అక్కడ కొత్తగా పుట్టే పేరును ఎంచండి. ముందువైపు గుమస్తా గారికి వదిలేయండి. ఆయన్ను ఆ పని మానమని చెప్పవద్దు, చెప్పినా ఆయనకు అది చేతికందే చోటు. పాత పేర్లు రెండింటినీ తీసేయండి. లబ్బీపేట గారు చెప్పిన ఎంపికను కూడా తీసేస్తే మంచిది, అది ఈ దుకాణానికి కారణం కాకపోయినా.

లబ్బీపేట (మధ్యాహ్నం 12:10)

ఒప్పుకుంటున్నాను. ఉదయం పాత బిల్లులు వచ్చిన సంగతిని నేను లెక్కలోకి తీసుకోలేదు. `Enable printer pooling` పెట్టి రెండు పోర్టులనూ టిక్ చేస్తే కేబులు ఎక్కడ ఉన్నా బిల్లు వస్తుందని విన్నాను. ఎవరైనా చాలా కాలం వాడి చూశారా?

పటమట ప్రోగ్రామర్ (మధ్యాహ్నం 12:40)

నా పాత ప్రతిపాదనను మార్చుకుంటున్నాను. మనిషిని అడగవద్దు, యంత్రాన్నే చెప్పనివ్వండి. ఫిర్యాదు మీట నొక్కగానే ప్రింటర్ పేరు, పోర్టు, స్థితి, వరుసలో ఆగిన బిల్లుల సంఖ్య, ఈ నాలుగూ దానితో పాటే మీకు వచ్చేలా సాఫ్ట్‌వేర్‌లో పెట్టవచ్చు. పైన మీరు ఇచ్చిన రెండు వరుసలు మొదటి సోమవారమే మీ ముందుంటే ఎనిమిది రోజులు పట్టేది కాదు. టెస్ట్ డెస్కు గారు ఎక్స్ఛేంజీలో చేసినది ఇదే కదా.

పాత టెస్ట్ డెస్కు (మధ్యాహ్నం 1:20)

సరిగ్గా ఇదే. అయితే మా పరీక్షలో లైను బాగానే ఉందని వచ్చి, అయినా ఆ ఇంటి మాట అవతలివారికి వినపడని రోజులూ ఉండేవి. రిసీవర్‌లోని మైకు పోతే మా డెస్కుకు తెలియదు. అప్పుడు బాగుందని రాసి మూసేసినవాళ్ల మీద జనానికి వచ్చిన కోపం నాకు ఇప్పటికీ గుర్తుంది. యంత్రం బాగుందని చెప్పినప్పుడు ఏం చేయాలో కూడా ముందే అనుకోండి.

గవర్నర్‌పేట డెస్కు (బుధవారం, రాత్రి 8:15)

ప్రోగ్రామర్ గారి మాటను మా వాళ్లకు చేరవేశాను, చేయవచ్చన్నారు. నేను మాత్రం ప్రతి మూడు మాటల ఫిర్యాదుకూ ముందు ఫోన్ చేయాలని అడుగుతున్నాను. ఒక్కో ఫోనుకు ఎనిమిది, పది నిమిషాలు పడుతుంది, డెస్కులో ఉన్నది ముగ్గురమే, సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకానే సగం ఫిర్యాదులు వస్తాయి. అది కుదరదని మా మేనేజరు గారు అంటున్నారు. ఒకే దుకాణం నుంచి వారంలో రెండోది వస్తే ఫోన్ చేయాలి, మొదటిదానికి అక్కర్లేదు అన్న దగ్గర ప్రస్తుతానికి ఆగాం. మొదటిదానికే చేసి ఉంటే అన్న మాట నా మనసులో నుంచి పోవడం లేదు. మీ డెస్కుల్లో ఎలా చేస్తున్నారో చెప్పండి.

గవర్నర్‌పేట డెస్కు (శనివారం, ఉదయం 10:05)

అదే దుకాణం నుంచి ఇప్పుడే మళ్లీ వచ్చింది. ఈసారి పంపినది అబ్బాయి, వాట్సాప్‌లో. “పని చేయడం లేదు సార్. వైరు వెనకే ఉంది, టేపు కదల్లేదు. కాగితం వస్తోంది, కానీ తెల్లగా వస్తోంది.” ఫొటో కూడా పెట్టాడు. వరుసలో ఒక్క బిల్లూ ఆగి లేదు, పోర్టు సరిగ్గానే ఉంది, స్థితి `Ready`.

కొత్తపేట సర్వీసు (ఉదయం 10:12)

పొద్దున కాగితం చుట్ట మార్చాడేమో అడగండి. మార్చి ఉంటే కాగితం రెండు వైపులా గోటితో గట్టిగా ఒక గీత గీయమనండి. నల్లగా గీత పడిన వైపే వేడికి అచ్చు పడుతుంది, ఆ వైపు ప్రింటర్ తల వైపు ఉండాలి.

గవర్నర్‌పేట డెస్కు (ఉదయం 10:20)

మార్చాడట. లోపలి వైపు గీత పడలేదు, బయటి వైపు పడిందట. చుట్ట తిప్పి పెడుతున్నాడు, లైనులోనే ఉన్నాను.